ఇంజిన్ మూతి పెద్దదైతే ఇంధనం ఎక్కువ కావాలి కదా, తక్కువెట్లా?

ప్రశ్న: "మాది షాద్‌నగర్ పక్కన. శంషాబాద్‌లో దిగే విమానాలు మా ఊరి మీదికెల్లే పోతయి. కొత్త విమానాల ఇంజిన్లు చాలా పెద్దగుంటున్నయి, కానీ చప్పుడు తక్కువ, ఆయిల్ కూడా తక్కువే తాగుతయంటరు. పెద్ద ఇంజిన్ ఎక్కువ తాగాలి కదా అన్నా?"

జవాబు:

మీకు కనిపించే ఆ పెద్ద గుండ్రంలో ఎక్కువ భాగం ఫ్యాన్‌దే, మంట మండే భాగం దాని వెనక చిన్నగా ఉంటుంది. మాది జడ్చర్ల, నేను శంషాబాద్‌లో లైన్ మెయింటెనెన్స్ చేస్తాను. పాత ఏ320 విమానాలు, వాటిలోనే కొత్త రకమైన నియోలు రెండూ మా చేతికొస్తాయి, పక్కపక్కన నిలబెడితే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఫ్యాన్ లాగిన గాలిలో కొంచెమే మధ్యలోని కోర్‌లోకి పోతుంది. అక్కడ కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, ఇంధనం కలిసి మండుతుంది, ఆ వేడి గ్యాస్ టర్బైన్లను తిప్పుతుంది, వాటిలో ఒకదాని షాఫ్టే ముందుకొచ్చి ఫ్యాన్‌ను తిప్పుతుంది. మిగతా గాలికి మంటతో పనే లేదు, కోర్ చుట్టూ ఉన్న దారిలో నేరుగా వెనక్కి పోతుంది. ఇట్లా బయటి దారిన పోయే గాలి, కోర్‌లోకి పోయేదానికి ఎన్ని రెట్లో అదే బైపాస్ రేషియో. పాత ఏ320లో ఉండే సీఎఫ్ఎం56 ఇంజిన్‌కు ఇది దాదాపు 6, ఫ్యాన్ అడ్డం 173 సెం.మీ. నియోలో వచ్చే లీప్-1ఏకు దాదాపు 11, ఫ్యాన్ 198 సెం.మీ.

వెనక నుంచి వచ్చే వేడి గ్యాసే విమానాన్ని తోస్తుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి ఇంజిన్లలో ముందుకు తోసే బలంలో, అంటే థ్రస్ట్‌లో ఎక్కువ వాటా ఫ్యాన్ తోసిన చల్లగాలిదే. ఫ్యాన్ గాలిని వెనక్కి తోస్తే, గాలి ఫ్యాన్ రెక్కలను ముందుకు తోస్తుంది. ఆ బలం షాఫ్ట్ మీదుగా బేరింగ్‌కు, అక్కడి నుంచి ఇంజిన్ ఫ్రేముకు, మౌంట్లకు, చివరికి విమానం రెక్కకు చేరుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. సెకనుకు ఎన్ని కిలోల గాలి తోశాం, దాని వేగం ఎంత పెంచాం, ఈ రెండూ గుణిస్తే థ్రస్ట్. కానీ ఆ గాలిలో వృథాగా మిగిలిపోయే శక్తి, పెంచిన వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అర్థం కావడానికి నేనే అంకెలు వేస్తున్నా: విమానం సెకనుకు 230 మీటర్ల వేగంతో పోతోంది, ఒక్కో ఇంజిన్ నుంచి 20,000 న్యూటన్లు కావాలి. సెకనుకు 50 కిలోల గాలికి 400 మీటర్ల వేగం పెంచినా 20,000 వస్తుంది, 200 కిలోలకు 100 మీటర్లే పెంచినా 20,000 వస్తుంది. రెండింట్లోనూ విమానానికి పనికొచ్చేది 4.6 మెగావాట్లే. వృథా మాత్రం మొదటిదాంట్లో 4 మెగావాట్లు, రెండోదాంట్లో 1 మెగావాట్. అంటే ఇంజిన్ గాలికి ఇవ్వాల్సిన శక్తి 8.6 నుంచి 5.6కు దిగింది, ఇంధనం మిగిలేది ఇక్కడే. సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి నడిపేవాళ్లు వెడల్పు తెడ్డును నిదానంగా వేస్తారు చూడండి, సన్న కర్రతో అంతే తోపు రావాలంటే నీళ్లను ఊరికే చిలకాల్సి వస్తుంది.

అయితే నియోలో మిగిలే ఇంధనమంతా బైపాస్ వల్లే అనుకోవద్దు. అంత పెద్ద ఫ్యాన్‌ను చిన్న కోర్ తిప్పాలంటే గాలిని ఇంకా ఎక్కువ నొక్కాలి, ఇంకా ఎక్కువ వేడి తట్టుకోవాలి, ఆ మెరుగు కూడా ఇందులో కలిసి ఉంది.

చప్పుడు సంగతి ఇంకా గట్టిది. ఇంజిన్ వెనక నుంచి దూసుకొచ్చే ధార, అంటే జెట్, బయటి గాలిని కోసుకుంటూ సుడులు తిరిగినప్పుడు పుట్టే శబ్దం, జెట్ వేగం ఎనిమిదో ఘాతాన్ని బట్టి మారుతుందని 1952లో లైట్‌హిల్ అనే శాస్త్రవేత్త చూపించాడు. వేగం సగమైతే 256 వంతుల్లో ఒక వంతు, అంటే 24 డెసిబెల్స్ తగ్గుదల. అదే థ్రస్ట్ కోసం జెట్ వెడల్పవుతుంది కాబట్టి లాభం కొంత తగ్గుతుంది, అయినా ఎక్కువే. జెట్ మోత తగ్గాక ఫ్యాన్ మోత బయటపడుతుంది. టేకాఫ్‌లో ఫ్యాన్ రెక్కల కొసలు ధ్వని వేగం దాటితే రంపం కోసినట్టు వినిపిస్తుంది, దాన్ని మింగడానికే మూతి లోపలి గోడకు సన్న రంధ్రాల ప్యానెళ్లు ఉంటాయి. దిగేటప్పుడు ఇంజిన్ పవర్ తక్కువ కాబట్టి మీకు వినిపించేదాంట్లో ఫ్లాప్స్, చక్రాల మీద గాలి చేసే శబ్దమూ బాగానే ఉంటుంది.

థ్రస్ట్‌లో ఎక్కువ వాటా ఫ్యాన్‌దే కాబట్టి మేము టార్చ్ వేసి దాని రెక్కల ముందంచులు చూస్తాం. పిట్టో రాయో తగిలి రెక్క దెబ్బతింటే కాక్‌పిట్‌లో వైబ్రేషన్ రీడింగ్ పెరుగుతుంది. కోర్ అరిగితే అంతే థ్రస్ట్‌కు ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది.

మరి ఇంకా పెద్దది ఎందుకు పెట్టరంటే, చుట్టూ ఉండే కవర్ బరువు, దానికి తగిలే గాలి పెరుగుతూ పోయి మిగిలిన ఇంధనాన్ని తినేస్తాయి. పైగా ఫ్యాన్ పెద్దదైనకొద్దీ నిదానంగా తిరగాలి, టర్బైన్‌కేమో వేగం కావాలి, అందుకే ప్రాట్ అండ్ విట్నీ వాళ్లు తమ నియో ఇంజిన్‌లో మధ్యన గేర్ పెట్టి బైపాస్ రేషియోను 12 దాటించారు. నేలకు ఉన్న ఎత్తు ఇంకో అడ్డంకి: బోయింగ్ 737 మ్యాక్స్ రెక్క కింద చోటు తక్కువ కాబట్టి దాని లీప్-1బీ ఫ్యాన్ 176 సెం.మీ. దగ్గరే ఆగింది, బైపాస్ కూడా 9 దగ్గరే ఉండిపోయింది.