మూడు శీర్షికల కింద ఒకే వాక్యం

ప్రశ్న: అయ్యా, మాది రాయగడ. మా అమ్మాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. హాస్టల్ ట్యాంకులో నీళ్లు తగ్గితే వార్డెన్‌కు మెసేజ్ పంపే పరికరం వాళ్ల ప్రాజెక్టు. ప్లానులో అజంప్షన్స్, కన్‌స్ట్రెయింట్స్, డిపెండెన్సీస్ మూడూ ఒకేలా ఉన్నాయని గైడ్ వెనక్కి ఇచ్చేశారు. ఆ పేజీ నేనే నెట్‌లో నమూనా చూసి పెట్టించాను. ఇలాగైతే ఉద్యోగం వస్తుందా? పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించమంటారా, కోడింగ్ కోర్సులోనా?

జవాబు: ప్లాను ఒకసారి వెనక్కి వచ్చినంత మాత్రాన ఉద్యోగానికి వచ్చే నష్టమేమీ లేదు, ఆ కాగితాన్ని ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు. అయితే ఒక మాట కటువుగానే చెప్పవలసి వస్తోంది. ట్యాంకు ఎక్కి చూసింది మీ అమ్మాయి, పేజీ నింపింది మీరు. ఊరూ పేరూ లేని నమూనాలో ఆ మేడ మీది సంగతులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇలాంటి ప్లానుల్లో తరచుగా కనిపించే వాక్యం "విడిభాగాలు సమయానికి అందుతాయి" అన్నది. దాన్ని కాస్త మార్చి మూడు చోట్లా రాస్తారు. నిజానికి అందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. విశాఖపట్నంలోని దుకాణం నుంచి సెన్సర్ పది రోజుల్లో వస్తుందని మీ అమ్మాయి అనుకుంటోంది. దానికి రుజువు లేదు కాబట్టి అది అజంప్షన్. ఖర్చు 6,000 రూపాయలు దాటకూడదని, సెప్టెంబరు 20న రివ్యూ జరిగి తీరుతుందని కళాశాల చెప్పింది. ఇవి ముందే తెలిసినవి, ఆమె మార్చలేనివి కాబట్టి కన్‌స్ట్రెయింట్లు. విభాగాధిపతి సంతకం కానిదే ఆర్డరు పెట్టకూడదు, సెన్సర్ చేతికి రానిదే సోల్డరింగ్ మొదలు కాదు. ఒక పని మరొక పని కోసమో మరొకరి కోసమో ఆగుతోంది కాబట్టి ఇవి డిపెండెన్సీలు.

ఇలా విడదీశాక తేదీలు వేస్తే ఈ పేజీ ఎందుకో తెలుస్తుంది. ఆగస్టు 5న ఆర్డరు పెడితే 15న సెన్సర్ రావాలి. 16న పని మొదలుపెట్టి బిగింపుకు, పరీక్షకు కలిపి నాలుగు వారాలు తీసుకుంటే సెప్టెంబరు 12కు ముగుస్తుంది. రివ్యూ ముందు రోజు వరకు లెక్కిస్తే చేతిలో మిగిలేది ఏడు రోజులే. అందుచేత డిపెండెన్సీ పక్కన సంతకం ఎవరు పెట్టాలి, ఏ తేదీలోగా పెట్టాలి అన్నది ఉండాలి. అజంప్షన్ పక్కన అది తప్పితే ఏం చేస్తారన్నది ఉండాలి. ఉదాహరణకు, "ఆగస్టు 18కి పార్శిల్ రాకపోతే మరునాడు పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ వెళ్లి తెచ్చుకుంటాము" అని రాస్తే గైడ్ మారుమాటాడరు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అజంప్షన్ మాత్రం ప్లానులో అసలు కనిపించదు. విద్యార్థులు మెసేజ్ పంపడానికి సాధారణంగా SIM800L అనే చవకైన మాడ్యూల్ కొంటారు. అది 2జీ నెట్‌వర్క్ మీదే పనిచేస్తుంది. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే మాడ్యూల్ నెట్‌వర్క్‌ను పట్టుకోదు. పిల్లలేమో వైరింగ్ తప్పనుకుని రోజుల తరబడి తీగలు మారుస్తూ కూర్చుంటారు. "ట్యాంకు దగ్గర మేము వాడే సిమ్‌కు 2జీ సిగ్నల్ ఉంటుంది" అన్న వాక్యాన్ని ముందే అజంప్షన్‌గా రాసుకుంటే, దాన్ని ఎలా పరీక్షించాలన్న ఆలోచన కూడా వస్తుంది. ఫోన్‌ను 2జీకి పరిమితం చేసి, అదే సిమ్‌తో మేడ మీద నుంచి ఒక మెసేజ్ పంపి చూడాలి. మాడ్యూల్ కొనక ముందే చేయదగిన పని ఇది, రూపాయి ఖర్చు లేదు. మెసేజ్ వెళితే అది ఇక అజంప్షన్ కాదు, ఆ వరుస కొట్టేయవచ్చు. ఏ కంపెనీ సిమ్‌తోనూ వెళ్లకపోతే "ట్యాంకు వద్ద 2జీ లేదు" అన్నది కన్‌స్ట్రెయింట్ల కిందికి చేరుతుంది, 4జీ మాడ్యూల్ ధర 6,000 లో ఇముడుతుందో లేదో అప్పుడే లెక్క చూసుకోవాలి. ఈ పేజీని మొదటి వారంలో రాసి మూసేయకుండా ప్రతి రివ్యూకూ ముందు తెరవాలనడం ఇందుకే.

ఇక పీఎంపీ సంగతి. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు కూడా ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం చూపనిదే ఆ పరీక్షకు దరఖాస్తు చేయలేరు. చివరి సంవత్సరం విద్యార్థినికి దాన్ని అమ్మజూపేవారు ఈ షరతును ఎంత మెల్లగా చెబుతారో నాకు తెలుసు. అనుభవం అడగని సీఏపీఎం అనే చిన్న సర్టిఫికెట్ ఒకటి ఉంది కానీ, ప్రాజెక్టులో పని చేయకుండా ప్రాజెక్టులను నడపడం నేర్పే చదువు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. కోడింగ్ కోర్సా అంటే, ఈ పరికరానికి ప్రోగ్రాం మీ అమ్మాయే రాస్తోంది కాబట్టి ఈ సెమిస్టరుకు అదే చాలు, ఫీజు డబ్బు మీ దగ్గరే ఉంచండి. ఈ ఆదివారం ఆమెను ఫోన్ తీసుకుని మేడ ఎక్కనివ్వండి. ఆ పేజీ ఆమే తిరిగి రాస్తుంది, మీరు పెన్ను పట్టుకోకండి.