ఆవకాయని మ్యాంగో పికిల్ అంటే సరిపోతుందా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. మా వారిది స్కిల్డ్ వర్కర్ వీసా. తెలిసినవాళ్ళు అడిగితే నిరుడు ఆవకాయ పెట్టి ఇచ్చాను, అందరికీ నచ్చింది. ఈ వేసవిలో మా ఊరి శనివారం సంతలో బల్ల వేసుకుని ఆవకాయ, గోంగూర పచ్చడి, పులిహోర అమ్ముదామనుకుంటున్నాను. ఇక్కడివాళ్ళకి అర్థమయ్యేలా సీసా మీద పేర్లు ఎలా రాయాలి? మ్యాంగో పికిల్, టామరిండ్ రైస్ అంటే చాలా?

జవాబు: చాలదమ్మా. నేనూ మొదట్లో అలాగే రాశాను కాబట్టి ఎందుకు చాలదో కాస్త వివరంగా చెప్తాను.

ఆవకాయ అన్న మాటని ఒకసారి విడదీసి చూడండి. ఆవ, కాయ. అందులో మామిడి అన్న మాటే లేదు. మనవాళ్ళు ఆ పచ్చడికి పేరు పెట్టింది ఆవపిండిని బట్టి. కాయ అంటే మామిడికాయేనని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని మ్యాంగో పికిల్ అని రాసేసరికి మామిడి వచ్చి చేరింది, ఆవ ఎగిరిపోయింది. బ్రిటన్‌లో అమ్మే తిండి మీద తప్పనిసరిగా చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవ ఒకటి. అంటే కొనేవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యంగా తెలియాల్సిన మాట తెలుగు పేరులో ఉంది, ఇంగ్లిష్ పేరులో లేదు.

అమెరికాలో ఉన్న మీ అక్కో వదినో పంపిన లేబుల్ చూసి కాపీ కొట్టకండి. అక్కడి జాబితాలో ఉన్నవి తొమ్మిదే, వాటిలో ఆవ లేదు. నువ్వుల్ని కూడా 2023 జనవరి నుంచే చేర్చారు. కెనడాలో మాత్రం ఆవ ఉంది. ఏ దేశంలో అమ్ముతున్నామో ఆ దేశం జాబితా దగ్గర పెట్టుకునే పేరు ఆలోచించాలి.

ఇక నా సంగతి. నేను మొదటిసారి సీసాల మీద పదార్థాలు రాసినప్పుడు నువ్వుల నూనెని జింజెల్లీ ఆయిల్ అన్నాను. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో నూనె డబ్బా మీద చదివిన ఇంగ్లిష్ మాట అదే. ఇక్కడివాళ్ళకి అది తెలియని మాట అన్న అనుమానమే రాలేదు. ఒకావిడ సీసా చేతిలోకి తీసుకుని, పదార్థాలన్నీ వేలుపెట్టి ఒక్కొక్కటే చదువుతూ ఆ మాట దగ్గర ఆగి, "ఇదేమిటి?" అని అడిగింది. సెసమీ అని చెప్పగానే సీసా మెల్లిగా బల్ల మీద పెట్టేసింది. వాళ్ళబ్బాయికి నువ్వులు పడవట. ఆవిడ అడగకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ. అప్పటికి లేబుల్‌లో ప్రతి పదార్థమూ రాశాననే అనుకున్నాను. రాయడమైతే రాశాను, చదివేవాళ్ళ భాషలో రాయలేదు.

ఈ దేశంలో నువ్వుల సంగతి చిన్నది కాదు. 2016లో నటాషా అనే 15 ఏళ్ళ అమ్మాయి విమానాశ్రయంలో కొన్న శాండ్‌విచ్ తిని చనిపోయింది. బ్రెడ్ పిండిలో నువ్వులు కలిపి ఉన్నాయి, కాగితం మీద ఆ మాట లేదు. ఆ తర్వాత ఆమె పేరుమీదే నటాషా చట్టం అని అందరూ పిలిచే నిబంధన వచ్చి, 2021 అక్టోబర్ 1 నుంచి అమలవుతోంది. మీకు వర్తించేది అదే. ఇంట్లో సీసాల్లోకి ఎత్తి, మీ బల్ల మీద మీరే అమ్మినా సరే, ప్రతి సీసా మీదా ఆ పదార్థం పేరు, అందులో వేసినవన్నీ ఉండాలి. 14 అలర్జీ పదార్థాల్లోవి ఏవి ఉన్నా జాబితాలో అవి విడిగా కొట్టొచ్చినట్టు కనపడాలి, అంటే మామూలుగా బోల్డ్ అక్షరాల్లో వేస్తారు.

ఇప్పుడు పేరు సంగతి. ఆవకాయ అన్న పేరు తీసేయకండి. పెద్ద అక్షరాల్లో ఆవకాయే ఉంచండి. ఊరగాయల్లో దాని పేరు దానిదే, సమోసాకీ దోసకీ ఎవరూ ఇంగ్లిష్ పేర్లు పెట్టలేదు కదా. అయితే ఆ పేరు తెలియని మనిషికి అది ఏమిటో చెప్పే వరస కింద ఉండి తీరాలి. నేను ఇప్పుడు వేస్తున్నది ఇది: "హాట్ మ్యాంగో పికిల్ విత్ మస్టర్డ్, ఇన్ సెసమీ ఆయిల్". మామిడి, ఆవ, నువ్వులు, కారం నాలుగూ ఒక్క వరసలో వచ్చేశాయి. ట్రెడిషనల్, ఆంధ్రా స్పెషల్, గ్రాండ్‌మాస్ రెసిపీ లాంటివి పక్కన ఎక్కడైనా వేసుకోండి గానీ ఆ వరసకి బదులుగా వేయకూడదు.

పదార్థాల జాబితా బరువుని బట్టి, ఎక్కువ నుంచి తక్కువకి రాయాలి. మన వంటల్లో గిద్దలూ సోలలూ ఉంటాయి, అక్కడ పొరపాటు జరుగుతుంది. గిద్దెడు ఆవపిండీ గిద్దెడు ఉప్పూ ఒకే బరువు తూగవు. అన్నీ తూకం వేసుకోండి. నా కొలత చెప్తాను: ముక్కలు 2 కిలోలు, నువ్వుల నూనె 700 గ్రాములు, ఆవపిండి, కారం, ఉప్పు తలా 400, వెల్లుల్లి 80, మెంతులు 20. మొత్తం 4 కిలోలు. ఈ వరసలోనే జాబితా వస్తుంది, మస్టర్డ్, సెసమీ అన్న రెండు మాటలు బోల్డ్‌లో. రేపు మీ సీసాలు ఏదైనా కొట్టుకి ఇచ్చి అమ్మించాలనుకుంటే ఇంకా పూర్తి లేబుల్ కావాలి. అప్పుడు పేరులో చెప్పిన పదార్థం ఎంత శాతమో కూడా రాయాలి. ఈ కొలతకి మామిడి 50 శాతం, ఆవ 10, నూనె 17.5. ఆ లెక్క ఇప్పుడే పుస్తకంలో రాసి పెట్టుకోండి.

చాలామంది మరచిపోయేది టెంక. మనకి టెంక లేని ఆవకాయ ఆవకాయే కాదు. లోపలి జీడి తీసేసి, పొర తుడిచి, టెంక అంటిపెట్టుకున్న ముక్కే వేస్తాం, అది ఉంటేనే ముక్క ఏడాదంతా మెత్తబడదు. ఇక్కడివాళ్ళకి అసలు ఆ ఊహే ఉండదు. పైగా బ్రిటన్‌లో పికిల్ అంటే చీజ్ శాండ్‌విచ్‌లో దట్టంగా పూసుకునే తియ్యటి పుల్లటి పచ్చడి. మా పక్కింటి పెద్దాయన అలాగే బ్రెడ్ మీద పరుచుకుని గట్టిగా కొరికాడు, పన్నుకి వేసిన ఫిల్లింగ్ ఊడింది. పాపం నన్నేమీ అనలేదు గానీ నాకు మాత్రం చాలా రోజులు మొహం చెల్లలేదు. అప్పటినుంచి రెండు వాక్యాలు చేర్చాను. ముక్కల్లో గట్టి టెంక ఉంటుంది, నమిలి తీసేయాలి అని ఒకటి. చాలా కారం, అన్నంతోనో పెరుగన్నంతోనో ఒక టీస్పూన్ చాలు అని ఇంకొకటి. అన్నట్టు, పెరుగుని కర్డ్ అనకండి. ఇక్కడ లెమన్ కర్డ్ అని నిమ్మరసం, గుడ్లు, వెన్న, పంచదార కలిపి చేసేది ఒకటుంది, వాళ్ళకి అదే గుర్తొస్తుంది. యోగర్ట్ అనండి.

పులిహోరకి వద్దాం. పులి అంటే పులుపు, చింతపండు కాదు. నిమ్మకాయతోనూ మామిడికాయతోనూ కూడా పులిహోర చేస్తాం, అలాంటప్పుడు టామరిండ్ రైస్ అని అచ్చు వేయించిన లేబులే దాని మీదా అంటిస్తే అబద్ధం అవుతుంది. చింతపండుదైతే ఆ మాట సరిగ్గా ఉంది గానీ అసలు విషయం ఇంకా చెప్పలేదు. తాలింపులో పల్లీలు, జీడిపప్పు ఉన్నాయి కదా. పల్లీలు పడనివాళ్ళకి ప్రాణం మీదకి వస్తుంది. నేనైతే పులిహోర అని పైన వేసి, "టామరిండ్ రైస్ విత్ పీనట్స్ అండ్ క్యాష్యూస్" అని కింద వేస్తాను. తాలింపులో ఆవాలున్నాయి, కొందరు ఆవపిండి కూడా కలుపుతారు, కొందరు నువ్వుల పొడి చల్లుతారు. అవి జాబితాలోకి రావాలి. చెంచాడు ఆవాలే కదా అనుకోకండి.

ఇంగువ సంగతి తప్పకుండా చూడండి. మన కొట్లలో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. అన్నం వంటకమే కదా అని గ్లూటెన్ ఫ్రీ అని రాసేస్తే, గోధుమ పడని మనిషి నమ్మి తింటాడు. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివి, గోధుమ ఉంటే ఇంగువ పక్కన వీట్ అని బోల్డ్‌లో రాయండి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, నేను దానికే మారిపోయాను.

గోంగూరని చాలామంది సారెల్ లీవ్స్ అంటారు. ఇంగ్లిష్ తోటల్లో సారెల్ అనే ఆకుకూర వేరే ఉంది, అది మన చుక్కకూర కుటుంబం. న్యాయంగా ఆ మాట చుక్కకూరకి చెందుతుంది. ఇక్కడే స్థిరపడిన కరీబియన్ వాళ్ళకేమో సారెల్ అంటే క్రిస్మస్‌కి చేసుకునే ఎర్రటి పానీయం. తమాషా ఏమిటంటే, దానికి వాడే, పువ్వు అడుగున ఉండే ఎర్రటి దళసరి తొడుగులు మన గోంగూర జాతి మొక్కవే. అందుకని "గోంగూర, సోర్ హైబిస్కస్ లీఫ్ పికిల్" అని వేస్తే ఇద్దరికీ తేలిగ్గా తెలుస్తుంది. మునక్కాయ పచ్చడి జోలికి వెళ్తే డ్రమ్‌స్టిక్ అని మాత్రం రాయకండి. ఇక్కడ డ్రమ్‌స్టిక్ అంటే కోడి కాలు. శాకాహారులు ముట్టుకోరు, మాంసాహారులు కొని మోసపోయామనుకుంటారు. మొరింగా పాడ్స్ అనండి.

బల్ల వేయడానికి కనీసం 28 రోజుల ముందు మీ కౌన్సిల్‌లో ఫుడ్ బిజినెస్‌గా నమోదు చేసుకోవాలి, డబ్బేమీ కట్టక్కర్లేదు. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌గా మీరు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. ఇది చదివే స్టూడెంట్ వీసా పిల్లలు మాత్రం చేయకూడదు, వాళ్ళ వీసాకి సొంత వ్యాపారం కుదరదు.

అచ్చుకి ఇచ్చే ముందు ఒక పని చేయండి. లేబుల్ కాగితం తీసుకెళ్ళి తెలుగు తెలియని పక్కింటివాళ్ళ చేతికివ్వండి. సీసా చూపించకండి, మీరేమీ చెప్పకండి. ఇందులో ఏముందో, ఎలా తినాలో, ఎవరు తినకూడదో చెప్పమనండి. ఎక్కడ తడబడ్డారో ఆ మాట మార్చి, ఇంకో ఇంటి తలుపు కొట్టండి.