మ్యాక్ స్క్రీన్‌షాట్: ఫైల్ పడకుండా నేరుగా పేస్ట్

"మ్యాక్‌లో స్క్రీన్‌షాట్ తీసిన ప్రతిసారీ డెస్క్‌టాప్ మీద ఒక ఫైల్ పడుతోంది. అది లేకుండా నేరుగా చాట్‌లో పేస్ట్ చేసే దారి ఉందా?"

ఉందండీ. మీరు ఇప్పుడు నొక్కుతున్న కీలకు కంట్రోల్ జోడిస్తే చాలు. అంటే కంట్రోల్, షిఫ్ట్, కమాండ్ పట్టుకుని 4 నొక్కండి. ప్లస్ గుర్తు వస్తుంది. కావలసిన భాగం మీద లాగి వదిలేయండి, తర్వాత చాట్‌లోకి వెళ్లి కమాండ్ V. మొత్తం స్క్రీన్ కావాలంటే 4 బదులు 3. ఒక్క విండో మాత్రమే కావాలంటే 4 నొక్కాక స్పేస్ బార్ నొక్కి, ఆ విండో మీద క్లిక్ చేయండి.

నేను బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక ఆఫీసులో టెస్టింగ్ చేస్తాను. రోజుకు పది పదిహేను బగ్‌లకు బొమ్మలు పెట్టాలి. ఈ కంట్రోల్ సంగతి తెలియక ముందు నా డెస్క్‌టాప్ పెళ్లయిన మర్నాటి పందిరిలా ఉండేది.

అయితే ఒక మెలిక ఉంది, దానికి నేను బాగానే బలయ్యాను. మామూలుగా తీస్తే కుడివైపు కింద చిన్న బొమ్మ కనిపిస్తుంది కదా, కంట్రోల్‌తో తీస్తే అది రాదు. కెమెరా చప్పుడు ఒక్కటే వస్తుంది. మ్యూట్‌లో ఉంటే అదీ లేదు. ఒకసారి ఎప్పుడో గానీ రాని ఎర్రర్ తెర మీద కనిపించింది. కంట్రోల్‌తో తీశాను. బగ్ రాయబోతూ ఆ ఎర్రర్ మెసేజ్‌ను కూడా కాపీ చేశాను. తీరా కమాండ్ V కొడితే మెసేజే పడింది, బొమ్మ పోయింది! మామూలుగా క్లిప్‌బోర్డులో ఒక్కటే నిలుస్తుంది, కొత్తది వస్తే పాతది పోతుంది. ఆ ఎర్రర్ మళ్లీ రప్పించడానికి సాయంత్రం దాకా టెన్షన్ పడ్డాను. అందుకే ఇప్పుడు ముందు అక్షరాలన్నీ రాసేసుకుని, బొమ్మ ఆఖరున తీసి వెంటనే పేస్ట్ చేస్తాను. మళ్లీ దొరకదనుకున్నదాన్ని కంట్రోల్ లేకుండా తీసి ఫైల్‌గానే ఉంచుకుంటాను.

కంట్రోల్‌తో తీసినా మూల చిన్న బొమ్మ కనిపించిందంటే, కంట్రోల్ సరిగ్గా పడలేదు, ఫైల్ డెస్క్‌టాప్ మీదకు వెళ్తోంది అని అర్థం. క్లిప్‌బోర్డులో నిజంగా ఏముందో అనుమానం వస్తే ఫైండర్‌లో Edit మెనూ తెరిచి Show Clipboard నొక్కండి, కనిపిస్తుంది. ఇంకోటి, దీన్ని ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తే ఏమీ పడదు, ఎందుకంటే అక్కడ ఫైలే లేదు. తీరా ఫైల్ కావాలనిపిస్తే ప్రివ్యూ తెరిచి File మెనూలో New from Clipboard నొక్కి, సేవ్ చేసుకోండి.

నాలుగు వేళ్ల విన్యాసం మీకు విసుగైతే షిఫ్ట్, కమాండ్, 5 నొక్కి, కింద వచ్చే పట్టీలో Options తెరిచి Save to కింద Clipboard ఎంచుకోండి. మా రూమ్మేట్ అలాగే పెట్టుకున్నాడు. నాకు మాత్రం కంట్రోలే నయం, ఏది ఉంచాలో ఏది వద్దో ఆ క్షణంలోనే తేలిపోతుంది.