పది అడుగుల షాపులో నాలుగో కుర్చీ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కటింగ్ షాపు ఫొటోలు, కాగితం మీద గీసిన ప్లానూ రాత్రి కూర్చుని చూశాను. గది లోపలి కొలత పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. ముందు రోడ్డు వైపు షట్టరు, వెనక కుడి మూల మురుగు గొట్టం. ఎక్కువమందికి చెయ్యాలని ఎడమ గోడకి వరసగా నాలుగు కుర్చీలు గీశావు. కుడి గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా బెంచీ వేశావు. కార్పెంటరు ఇంకా అద్దాలు బిగించలేదని మీ అమ్మ చెప్పింది. అందుకే ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

ముందు వెడల్పు సంగతి చూడు. అద్దం కింద బల్ల ఒక అడుగు. కాళ్ళు పెట్టుకునే పలకతో కలిపి కుర్చీ మూడున్నర అడుగులు. వెనక నిలబడి కత్తెర ఆడించే మనిషికి రెండడుగులు. ఆరున్నర అడుగులు ఇక్కడే అయిపోయాయి. మిగిలింది మూడున్నర. అందులో బెంచీకి అడుగుంబావు, దాని మీద కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకి అడుగున్నర పోతే నడవడానికి మిగిలేది ముప్పావడుగు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆ ముప్పావడుగులోంచి నీ కుర్రాడు తువ్వాళ్ళు పట్టుకుని ఎన్నిసార్లు వెనక్కీ ముందుకీ తిరగాలో ఆలోచించు. పది అడుగుల గదిలో కుర్చీలకి ఎదురుగా బెంచీ పనికిరాదు. పన్నెండు అడుగులుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక పొడవు. కుర్చీ ఈ చెయ్యి నుంచి ఆ చెయ్యికి దాదాపు రెండుంబావు అడుగులు. గెడ్డం గీసేటప్పుడు కుర్చీ వెనక్కి వాలుస్తాం కాబట్టి తల వెనక చోటు తగ్గిపోతుంది, మనం పక్కకొచ్చి నిలబడతాం. అంటే రెండు కుర్చీల మధ్య కూడా రెండుంబావు అడుగుల ఖాళీ కావాలి. కుర్చీ నడుమ నుంచి పక్క కుర్చీ నడుమకి నాలుగున్నర అడుగులన్నమాట. నాలుగు కుర్చీలకి పద్దెనిమిది అడుగులు పోతే బేసిన్, తలుపు, మనుషులు కూర్చునే చోటు మిగతా రెండడుగుల్లో ఇమడాలి. అది కుదరదని నీకూ తెలిసే ఆ దూరాన్ని మూడున్నరకి కుదించావు.

నేనూ ఆ పనే చేశాను. నా మొదటి షాపు కూడా పది అడుగుల వెడల్పే. నాలుగు కుర్చీలు ఇరికించి పెట్టాను. మూడో వారంలోనే, ఒక పెద్దాయనకి దవడ కింద కత్తి నడుపుతున్నాను, పక్క కుర్చీ దగ్గర కుర్రాడు దువ్వెన అందుకోవడానికి వెనక్కి తిరిగాడు. వాడి మోచెయ్యి నా మణికట్టుకి తగిలింది. పెద్దాయన మెడ మీద అంగుళం పొడవు గీత పడింది. పటిక అద్దితే రక్తం ఆగింది, ఆయన ఏమీ అనలేదు. కానీ మళ్ళీ నా కుర్చీలో కూర్చోలేదు. ఆ తర్వాత మేమందరం భయంతో ఒకరి పని అయ్యేదాకా ఒకరం ఆగుతూ చెయ్యడం మొదలుపెట్టాం. కుర్చీలు నాలుగున్నా జరిగే పని మూడు కుర్చీలదే. రెండు నెలలకి ఒకటి తీసేశాను. తీసేశాక ఆదివారం లెక్క తగ్గలేదు, ఇద్దరు ముగ్గురు పెరిగారు కూడా.

అందుచేత మూడు కుర్చీలు వెయ్యి. షట్టరు దగ్గర నాలుగడుగులు కూర్చునేవాళ్ళకి వదులు. తర్వాత పదమూడున్నర అడుగుల్లో మూడు కుర్చీలు. చివర మిగిలే రెండున్నర అడుగుల్లో వెనక గోడ వెంబడి అడ్డంగా తల కడిగే బేసిన్ కుర్చీ. దాని తల వైపు కుడి మూలకి రావాలి, గొట్టం అక్కడే ఉంది కదా. గొట్టాన్ని ఎడమకి తిప్పించుకుంటే నేల పగలగొట్టాలి. వాలు సరిపోకపోతే వెంట్రుకలు అడ్డంపడి నెలకోసారి నీళ్ళు నిలుస్తాయి. మూలకి ఆనించెయ్యకుండా తల వెనక నిలబడి కడగడానికి అడుగున్నర వదిలిపెట్టు. బేసిన్ రంధ్రానికి జాలీ, కింద విప్పి శుభ్రం చేసుకునే ట్రాప్ తప్పనిసరిగా పెట్టించు.

ఇక ఎక్కువమందికి చెయ్యడం ఎలాగన్నావే, దానికి కుర్చీలు లెక్కపెట్టకు, కుర్చీ నిమిషాలు లెక్కపెట్టు. ఆదివారం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఏడు గంటలు. మూడు కుర్చీలకి 1260 నిమిషాలు. ఒక కటింగుకి పాతిక నిమిషాలనుకో. ఒకళ్ళు లేచి ఇంకొకళ్ళు కూర్చునే లోపల అయిదు నిమిషాలు పోతాయి. మొత్తం ముప్ఫై. అంటే 42 మంది. ఇదీ నీ షాపు హద్దు, నీకు ఇద్దరు చెయ్యి తిరిగిన కుర్రాళ్ళు తోడుంటే.

ఇప్పుడు జుట్టుకి రంగు వేయించుకునే వాళ్ళని చూడు. రంగు పూయడానికి పది నిమిషాలు, అది పట్టడానికి అరగంట. ఆ అరగంట ఆయన అద్దం ముందే పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. నీ చేతులు ఖాళీ, బయట మనుషులు ఎదురుచూస్తున్నారు, కుర్చీ మాత్రం నిండి ఉంది. ఆదివారం ఎనిమిదిమంది రంగు వాళ్ళొస్తే 240 నిమిషాలు పోయినట్టే. అంటే ఎనిమిది కటింగులు. నువ్వు అడుగుతున్న నాలుగో కుర్చీ ఇక్కడ దాక్కుని ఉంది అల్లుడూ. అది అద్దం ముందు అక్కర్లేదు. వెనక బేసిన్ పక్కన ఎడమ మూలలో వీపు ఆనే మామూలు కుర్చీలు రెండు వెయ్యి. రంగు పూయగానే భుజాల మీద పాత తువ్వాలు కప్పి ఆయన్ని అక్కడికి పంపు. అక్కడి నుంచి రెండడుగుల్లో బేసిన్. కడిగేశాక ఇక అద్దం ముందు కుర్చీ అవసరమే లేదు, అద్దం చేతికిచ్చి చూపించి పంపెయ్.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. కళ్ళ ముందు లేని మనిషిని మర్చిపోతాం. ఒకసారి ఒకాయన గంట దాకా అలాగే కూర్చున్నాడు, నుదురు, చెవుల దగ్గర చర్మం ఎర్రబడి మండింది. అప్పటి నుంచి రంగు పూసిన కుర్రాడే ఫోనులో అలారం పెట్టాలి, గోడ మీద పలక మీద టైము రాయాలి అని నియమం పెట్టాను. నువ్వూ అలాగే చెయ్యి. మంటగా ఉందని ఆయన అంటే టైముతో పని లేదు, వెంటనే కడిగెయ్యాలి.

రెండోది, ఆ మధ్యలో పోయే అయిదు నిమిషాలు. అవెక్కడ పోతున్నాయో ఒక ఆదివారం నిలబడి చూడు. కటింగ్ అయిపోతుంది. ఆయన కుర్చీలోనే కూర్చుని జేబులోంచి ఫోను తీస్తాడు. అద్దానికి అంటించిన క్యూఆర్ స్టిక్కరు మీద పెడతాడు, సిగ్నలుండదు, మళ్ళీ ప్రయత్నిస్తాడు. ఈలోపు కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ స్టిక్కర్లు అద్దాల మీద వద్దు. తలుపు పక్కన, చెప్పులు వేసుకునే చోట ఒకటే పెట్టు, సౌండ్ బాక్సు అక్కడే. గుడ్డ విప్పగానే ఆయన లేచి నడుస్తాడు. క్యాష్ కౌంటరు అని పెద్ద బల్ల కూడా వద్దు, గోడకి చిన్న సొరుగు చాలు.

అలాగే ప్రతి కుర్చీకి దాని సామాను దానికి ఉండాలి: కత్తెరలు, దువ్వెనలు, ట్రిమ్మరు, నీళ్ళ స్ప్రే, కత్తి, బ్లేళ్ళ పెట్టె, వాడిన బ్లేళ్ళు వేసే మూత డబ్బా. కుడిచేతి వాటం వాడికి కుడివైపు సొరుగు. రెండు కుర్చీలకి ఒకటే ట్రిమ్మరు పెడితే దాని కోసం నడిచే నడకే సగం పొద్దు తినేస్తుంది. ప్రతి అద్దం పక్కన ప్లగ్గు పెట్టించు, వైరు నడిచే దారిలో వేలాడకూడదు. ఉతికిన తువ్వాళ్ళు ప్రతి బల్ల కింద ఉండాలి, వాడినవి వెనక బుట్టలోకి. తువ్వాళ్ళు తక్కువైతే తడివే మళ్ళీ తిప్పుతారు, అది నేను ఒప్పుకోను. ఆదివారానికి అరవై ఉంచుకో.

ఇలా చేసి అయిదు నిమిషాల్ని మూడుకి తెస్తే ఒక్కొక్కరికి 28 నిమిషాలు, 42 కాస్తా 45 అవుతుంది. కత్తెర మాత్రం తొందరపెట్టకు. పాతిక నిమిషాల పనిని పదిహేనులో లాగితే మెడ దగ్గర మెట్లు పడతాయి.

కూర్చునే చోటు గురించి. ముందు నాలుగడుగుల్లో కుడి గోడకి సన్న బెంచీ, నలుగురు ఒద్దికగా పడతారు. తలుపు పక్కకి జరిగేదే పెట్టించు, లోపలికి తెరుచుకునేదైతే ఆ చోటు కాస్తా తినేస్తుంది. ఎక్కువ మంది వస్తే బయట నీడలో ఇంకో బెంచీ, అయితే అది నీ గడప హద్దులోనే, కాలవ మీదకి కాదు. అంతకంటే ముఖ్యం వరస. ‘తర్వాత నేనే’ అని ఇద్దరు లేచారంటే ఎవరిని కూర్చోబెట్టినా రెండోవాడు నొచ్చుకుంటాడు. అట్టముక్కల మీద నంబర్లు రాసి రాగానే చేతికివ్వు. ‘ఇంకా నలుగురున్నారు, ముప్పావు గంట పడుతుంది, కాఫీ తాగి రండి’ అని చెప్పగలిగితే వాళ్ళు వెళ్ళి తిరిగొస్తారు. టైము తెలియకపోతేనే గుమ్మం దగ్గర నుంచే చూసి పోతారు. మూడు కుర్చీలకి పాతిక, ముప్ఫై నిమిషాల చొప్పున లెక్క వేసుకుంటే ఎవరికి ఎప్పుడు వస్తుందో నువ్వే చెప్పగలవు. ఫలానా కుర్రాడే చెయ్యాలనేవాళ్ళకి నంబరు మీద వాడి గుర్తు వెయ్యి.

ఇంకొకటి. మామూలు రోజుల్లో నువ్వూ ఒక కుర్రాడే ఉంటారు కదా. అప్పుడు కొరత కుర్చీలది కాదు, చేతులది. ఏది కొరతో తెలుసుకోవడానికి అరగంటకోసారి ఒక్క చూపు చాలు. మనిషి కూర్చుని ఉన్నా దగ్గర ఎవరూ లేని కుర్చీ కనపడితే చేతులు తక్కువ. మనుషులు ఎదురుచూస్తున్నా కుర్రాడు ఖాళీగా నిలబడి ఉంటే కుర్చీ తక్కువ. రెండు ఆదివారాలు, రెండు గురువారాలు పుస్తకంలో గీతలు పెట్టు. చేతులు తక్కువైన చోట కుర్చీ కొనడం డబ్బు దండగ.

మంగళవారం కటింగులుండవు కాబట్టి కార్పెంటరుని బుధవారం దాకా ఆపు. మంగళవారం సుద్దముక్కతో నేల మీద అన్నీ అసలు కొలతల్లో గియ్యి. ప్లాస్టిక్ కుర్చీలు మూడు వేసి స్నేహితుల్ని కూర్చోబెట్టు. నువ్వూ కుర్రాళ్ళూ వెనక నిలబడి చేతులు ఆడించండి. ఒకరు తువ్వాలు పట్టుకుని వెనక దాకా వెళ్ళి రావాలి, ఒకరు వాల్చిన కుర్చీ పక్కకొచ్చి గెడ్డం గీస్తున్నట్టు వంగాలి, ఇంకొకరు బయట నుంచి లోపలికి రావాలి. ఎక్కడ భుజం తగిలితే అక్కడ గీత చెరిపి మళ్ళీ గియ్యి. అయ్యాక షట్టరు దగ్గర నిలబడి ఒక ఫొటో, వెనక గోడ నుంచి ఒక ఫొటో తీసి పంపు. నేను చూశాకే గోడకి డ్రిల్లు పెట్టించు.

మీ మామయ్య