సగటు ప్యాకేజీ చూసి స్థలం అమ్మకండి

ప్రశ్న: మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఒక కాలేజీవాళ్లు యాజమాన్య కోటాలో సీఎస్‌ఈ ఏఐ–ఎంఎల్ సీటు ఇస్తామంటున్నారు. అక్కడ సగటు ప్యాకేజీ 7.2 లక్షలట. కౌన్సెలింగ్‌లో వచ్చే కాలేజీలో ఈసీఈ దొరుకుతుంది కానీ సగటు 5.5 లక్షలే. మొదటి దాని కోసం మా 150 గజాల స్థలం అమ్ముదామనుకుంటున్నాం. మా కాలనీలో సగటున గజం 33 వేలు పలుకుతోందని బ్రోకరు చెప్పాడు. అమ్మేయమంటారా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముందు కాస్త కుదుటపడండి. ర్యాంకు రాని పిల్లవాడి భవిష్యత్తు ఈ జూలైలోనే తేలిపోదు. మీ భయమల్లా తక్కువ జీతం వచ్చే చోట వాణ్ని వేసి తప్పు చేస్తామేమోనని. ఆ భయానికి మీరు ఆధారంగా పట్టుకున్న రెండు అంకెలూ సగటులే. రెండూ మిమ్మల్ని ఒకే విధంగా మోసం చేస్తున్నాయి.

ఆ కాలేజీల అసలు జాబితాలు నా దగ్గర లేవు. అయినా 7.2 లక్షల సగటు ఎలా పుట్టగలదో ఒక ఊహాలెక్క వేసి చూపిస్తాను. అరవై మంది ఉన్న సెక్షన్‌లో 40 మందికి ఉద్యోగాలు వచ్చాయనుకోండి. ఒకడికి 60 లక్షలు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద నిలువెత్తు ఫొటో వేసేది వాడిదే. ముగ్గురికి 24 లక్షల చొప్పున, ఎనిమిది మందికి 7 లక్షల చొప్పున వచ్చాయి. మిగిలిన 28 మందిని పెద్ద కంపెనీలు గుంపుగా 3.6 లక్షలకు తీసుకున్నాయి. అంతా కూడితే 288.8 లక్షలు. నలభైతో భాగిస్తే 7.2 లక్షలు వస్తుంది. లెక్కలో తప్పు లేదు, కాలేజీ అబద్ధమూ ఆడలేదు. కానీ ఆ నలభై మందిలో 7.2 దాటినవాళ్లు నలుగురే. 7 లక్షలు తెచ్చుకున్న పిల్లలు కూడా ‘సగటు కంటే తక్కువ’ వరుసలోనే నిలబడ్డారు!

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ కుర్రాణ్ని ఒక్కణ్ని పక్కన పెట్టి చూడండి. సగటు 5.9 లక్షలకు జారిపోతుంది. ఒక్క పిల్లవాడి ఆఫర్ తక్కిన 39 మంది తల మీద లక్షా ముప్పై వేల పైచిలుకు కిరీటం పెట్టింది. పైగా ఇలాంటి పెద్ద అంకెల్లో చేరేటప్పుడు ఒక్కసారే ఇచ్చే బోనసు, నాలుగేళ్లలో విడతలుగా చేతికొచ్చే షేర్లు కూడా కలిపి చూపడం మామూలే.

అందరినీ జీతాన్ని బట్టి వరుసగా నిలబెట్టి నడిమివాణ్ని అడిగితే వచ్చేది మధ్యగతం. ఇక్కడ అది 3.6 లక్షలు. అరవై లక్షల కుర్రాడికి ఆరు కోట్లు వచ్చినా, అసలు ఉద్యోగమే రాకపోయినా ఈ అంకె కదలదు. జీతాలకు కింద ఒక నేల ఉంటుంది, పైన కప్పు ఉండదు. అందుకే పైన ఒకరిద్దరు ఎంత ఎగిరితే సగటు అంతగా వాళ్ల వెంట వెళ్లిపోతుంది.

రెండో కాలేజీని ఇదే పద్ధతిలో ఊహించండి. అరవైలో 50 మందికి ఉద్యోగాలు. ఇద్దరికి 12 లక్షలు, పది మందికి 8, ఇరవై ఐదు మందికి 5, పదముగ్గురికి 3.6. సగటు 5.5 లక్షలే, మధ్యగతం మాత్రం 5 లక్షలు. ఫ్లెక్సీకి పనికొచ్చే మొహం ఒక్కటీ లేదు కానీ నడిమి పిల్లవాడు ఇక్కడే బాగున్నాడు. మీ అబ్బాయి ఆ ఒక్కడు అవుతాడో కాడో నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలియనప్పుడు నడిమివాడికి ఏం వచ్చిందో చూడటమే న్యాయం.

అలాగని మధ్యగతాన్నీ గుడ్డిగా నమ్మకండి. అరవై మందిలో పన్నెండు మందికే ఉద్యోగాలొచ్చి, వాళ్లందరికీ 8 లక్షలైతే మధ్యగతం దర్జాగా 8 లక్షలే అవుతుంది. మిగతా 48 మంది ఆ లెక్కలోకే రారు. అందుకని మొదట అడగాల్సింది ఎంతమంది చేరారు, ఎంతమందికి వచ్చాయి అని. ఒక్కొక్కరికి రెండు మూడు ఆఫర్లుంటే మనుషుల్ని లెక్కపెట్టారా, ఆఫర్లనా అని కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే కాలేజీలు చేరినవాళ్లు, గడువులోపు డిగ్రీ పూర్తి చేసినవాళ్లు, ఉద్యోగాలు వచ్చినవాళ్లు, వాళ్ల మధ్యగత జీతం, పైచదువులకు వెళ్లినవాళ్లు, ఈ వివరాలన్నీ ఇవ్వాలి. అది కాలేజీ స్వయంగా ఇచ్చుకున్న లెక్కే, బ్రాంచీల వారీగా విడదీసి ఉండదు. అయినా ఫ్లెక్సీ కంటే నయం.

సగటు ఎక్కడా పనికిరాదని కాదు. ఏడాదికి కరెంటు బిల్లు ఎంతవుతుందో చూసుకోవాలంటే నెలసరి సగటే కావాలి, ఎందుకంటే మే నెల బిల్లు కూడా మీరే కట్టాలి. మొత్తం మీ జేబులోంచి పోయేచోట సగటు సరైనది. మొత్తాన్ని నలభై మంది ఎవరి వాటా వాళ్లు తీసుకెళ్లేచోట కాదు.

ఇక ఏఐ–ఎంఎల్ సంగతి. నాకు ఈ బ్రాంచీ మీద కోపం లేదు, బోర్డు మీద పేరు మార్చి దానికి వేరే ధర కట్టడం మీద అనుమానం ఉంది. సిలబస్ కాగితం తెప్పించి మామూలు సీఎస్‌ఈ పక్కన పెట్టి చూడండి. మొదటి రెండేళ్లలో చాలా భాగం అవే సబ్జెక్టులు. తేడా వచ్చే సబ్జెక్టులు చెప్పడానికి ఎంతమంది అధ్యాపకులున్నారో, వాళ్లు ఎప్పుడు చేరారో అడగండి. ఈ రంగంలో జీతాలు లక్షల్లో కాదు కోట్లలో అంటూ మీరు వినేవి కూడా చాలావరకు పై కొసవాళ్ల కథలే. ఆ కొసకు చేరినవాళ్లలో డిగ్రీ తర్వాత ఎమ్మెస్‌, పీహెచ్‌డీ చేసినవాళ్లు చాలామంది. మీరు కొనబోతున్నది నాలుగేళ్ల బీటెక్ సీటు, చూస్తున్నది పదేళ్ల తర్వాతి వాళ్ల జీతం. సాఫ్ట్‌వేర్ కంపెనీలూ ఈసీఈ పిల్లలను కాదనవు. కోడింగ్ వచ్చిన ఈసీఈ విద్యార్థులను సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు తీసుకోవడం ఏటా చూస్తూనే ఉన్నాను.

కోపగించుకోకండి, స్థలం విషయంలో మీరు ఇంకా తొందరపడుతున్నారు. బ్రోకరు చెప్పిన 33 వేలు ఎక్కడిది? మీ కాలనీలో ఈమధ్య అయిదు స్థలాలు అమ్ముడుపోయాయనుకుందాం. లోపలి వీధుల్లో నాలుగు 22, 22, 23, 24 వేలకు పోయాయి. మెయిన్ రోడ్డు మూల స్థలం ఒక్కటే, దుకాణాలకు పనికొస్తుందని, 74 వేలకు పోయింది. సగటు 33 వేలు, మధ్యగతం 23 వేలు. మీ స్థలం లోపలి వీధిలోదైతే మీ ఇంట్లో అనుకుంటున్న 49.5 లక్షలు నిజానికి 34.5 లక్షలు. పదిహేను లక్షల తేడా! ఆ పదిహేను లక్షలు ఫీజు కట్టడం మొదలయ్యాక బయటపడితే మూడో ఏడాదికి అప్పు తప్పదు. దస్తావేజుల్లో రాసిన ధరలు చాలాసార్లు అసలు ధర కంటే తక్కువే ఉంటాయి. కాబట్టి ఈ ఏడాది అమ్మిన ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లను కలిసి, ఏ వీధి, ఎన్ని గజాలు, చేతికి ఎంత వచ్చింది అని విడివిడిగా రాసుకోండి.

ఈలోగా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టించండి, గడువు దాటనివ్వకండి. మొదటి కాలేజీకి వెళ్లి, కిందటి బ్యాచ్ మొత్తం జాబితా అడగండి. పేర్లు అక్కర్లేదు, ఒక్కొక్కరి జీతం ఒక వరుసలో చాలు. ఇవ్వకపోతే అడ్వాన్సు కట్టకుండా తిరిగి రండి. ఇస్తే ఆ కాగితం నాకు పంపండి, నడిమివాణ్ని ఇద్దరం కలిసి వెతుకుదాం.