డెలివరీ వ్యాన్ లీజా, కొనడమా: ముందు కిలోమీటర్లు లెక్కేయండి

ప్రశ్న: డెలివరీ పనికి వ్యాన్ కావాలి. కొనేంత డబ్బు ఉంది. కానీ లీజుకి తీసుకుంటే అద్దె మొత్తం ఖర్చు కింద చూపించి ట్యాక్స్ తగ్గించుకోవచ్చని చెబుతున్నారు. ఏది లాభం?

మీ వ్యాన్ ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో నిజాయితీగా అంచనా వేశాకే ట్యాక్స్ గురించి ఆలోచించండి. నేను రెండు రకాలుగానూ వ్యాన్లు నడిపాను. సొంత కారుకి లీజు ఎలా ఉంటుందో నాకు అనవసరం. రోజంతా తిరిగే డెలివరీ బండికి మాత్రం కొనడమే మేలని నా గట్టి అభిప్రాయం.

లీజు వ్యాన్ తిరిగి అప్పగించిన రోజు చూడాలి. తనిఖీకి వచ్చిన మనిషి ఇంజన్ జోలికే పోలేదు. నేరుగా మీటర్ ఫోటో తీసుకున్నాడు. తర్వాత పక్క తలుపు దగ్గర వంగి టార్చ్ వేసి చూశాడు. పెట్టెలు ఎక్కించి దించే చోట గీతలు పడకుండా ఏ డెలివరీ బండైనా ఉంటుందా? అతను ఒక్కో సొట్ట మీదా చిన్న స్టిక్కర్ అంటించి ఫోటోలు తీశాడు. ఒప్పందంలో కిలోమీటర్లకు పరిమితి ఉంది. మధ్యలో మాకు కస్టమర్లు పెరిగారు, బండి ఆ పరిమితి దాటి తిరిగింది. దాటిన ప్రతి కిలోమీటరుకీ విడిగా రేటు, సొట్టలకు ఇంకో బిల్లు. వ్యాపారం బాగా సాగినందుకే జరిమానా కట్టినట్టయింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వ్యాన్ ధర 100 అనుకోండి. పన్ను రేటు 30 శాతం, అప్పు వడ్డీ 10 శాతం. వడ్డీ మీద పన్ను తగ్గింపు పోగా డబ్బు అసలు ఖరీదు 7 శాతం. నాలుగేళ్లలో వచ్చీపోయే డబ్బంతా ఈ 7 శాతంతో నేటి విలువకు తగ్గించి చూడాలి. లేకపోతే ఇవాళ కట్టే 100నీ నాలుగేళ్ల తర్వాత బండి అమ్మితే వచ్చే డబ్బునీ ఒకే గాటన కట్టేసినట్టవుతుంది.

కొన్నారనుకోండి. ఏటా మిగిలిన విలువ మీద 20 శాతం తరుగుదల చూపిస్తే నాలుగేళ్లకు పుస్తకాల్లో 41 మిగులుతుంది. తరుగుదల అంటే మీ జేబులోంచి పోయే డబ్బు కాదు. దానివల్ల తగ్గే పన్నే మీకు మిగిలేది, అది నేటి విలువలో దాదాపు 15. బండి 41కే అమ్ముడైతే దాని నేటి విలువ 31. అంటే కొనడానికి అసలు ఖర్చు 54 లోపే.

అదే బండిని ఏటా ముందుగా 20 చొప్పున అద్దె కట్టి తీసుకుంటే, పన్ను తగ్గింపు పోగా ఖర్చు 52 దాకా అవుతుంది. కాగితం మీద లీజే కొంచెం చవక. అమ్మేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. పైగా "అద్దె మొత్తం ట్యాక్స్‌లో పోతుంది" అంటారు. అద్దెలో మీకు తిరిగొచ్చేది 30 శాతమే, మిగతా 70 మీదే. అదీ లాభం ఉన్న ఏడాదే. ఈ మాట ముందే ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు కిలోమీటర్లు కలపండి. ఎక్కువ తిరిగిన సొంత బండి 41కి బదులు 33కే పోయిందనుకుందాం. ఆ నష్టానికీ పన్ను ఊరట దొరికితే ఖర్చు 4 పెరిగి 58 దగ్గరికి వస్తుంది. లీజు బండికి అదనపు కిలోమీటర్లు, సొట్టల బిల్లు కలిపి చివర్లో 12 పడిందనుకోండి. పన్ను పోగా నేటి విలువలో 6 పైనే. మొత్తం 58 దాటి 59 వైపు వెళ్తుంది. చవకగా కనిపించిన లీజు అక్కడే వెనకబడింది. సొంత బండికి సొట్ట పడితే కొనేవాడితో బేరమాడొచ్చు, లీజు కంపెనీ రేటు పట్టికతో ఆడలేం.

లీజుకు నేను ఒప్పుకునే సందర్భం ఒకటుంది. దారి, దూరం మారని పక్కా కాంట్రాక్టు ఉండి, బండి మీద పెట్టే డబ్బు సరుకు కొనడానికి అవసరమైతే తీసుకోండి. కానీ సంతకానికి ముందే కిలోమీటరు అదనపు రేటు, ఏది "మామూలు అరుగుదల"గా లెక్కేస్తారు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి అన్నవి రాతపూర్వకంగా అడగండి. లీజు చివర్లో బండి మీదే అయ్యేలా ఒప్పందం ఉంటే, చాలాచోట్ల పన్ను లెక్కలో దాన్ని కొనుగోలుగానే చూస్తారు. అప్పుడు అద్దె మొత్తాన్ని ఖర్చుగా చూపించడం కుదరకపోవచ్చు. అందుకే ఒప్పందం కాపీని ముందు మీ అకౌంటెంట్‌కి ఇవ్వండి.