సామాజికవర్గమా, వర్గమా, స్తరమా?

సందేహం: సామాజిక స్తరీకరణను ప్రకార్యవాదులు, సంఘర్షణవాదులు ఎలా వివరించారో చర్చించమన్న ప్రశ్నకు ‘సామాజిక వర్గాల మధ్య సంఘర్షణే స్తరీకరణ’ అని రాస్తే మా లెక్చరర్ గారు కొట్టేశారు. వర్గం, స్తరం ఒకటి కావా? జవాబు ఎలా నడపాలి?
— బి.ఎ. విద్యార్థిని, అమలాపురం

సమాధానం: కొట్టేయడం సబబే. కాకపోతే తప్పు మీ ఒక్కరిదీ కాదు, మన పత్రికలది కూడా. కులం పేరెత్తడానికి మొహమాటపడి అవి ‘సామాజికవర్గం’ అనే మాటను వాడుకలోకి తెచ్చాయి. అందువల్ల మీ వాక్యాన్ని చదివిన తెలుగువాడికి కులాల కొట్లాటే స్ఫురిస్తుంది గాని మార్క్స్ చెప్పిన వర్గపోరాటం స్ఫురించదు. మార్క్స్ దృష్టిలో వర్గాన్ని నిర్ణయించేది ఉత్పత్తి సాధనాలతో మనిషికున్న సంబంధం. ఆ అర్థంలో ‘వర్గం’ అని మాత్రమే రాయండి, ముందు ‘సామాజిక’ను తగిలించకండి.

స్తరం అంటే పొర. ‘పరచు’ అనే అర్థమున్న స్తృ ధాతువు నుంచి వచ్చిన మాట ఇది; విస్తరణ కూడా దాని చుట్టమే. స్వర్ణ ధాన్యాన్నీ సాంబ మసూరినీ వేరువేరుగా రాశి పోస్తే అది వర్గీకరణ, అందులో ఎక్కువ తక్కువలు లేవు. గోదావరి గట్టున గొయ్యి తవ్వితే ఒండ్రు పొర మీద పొరగా కనిపిస్తుంది. అలా ఒకరి మీద ఒకరుగా, తరాల తరబడి నిలిచే అమరిక స్తరీకరణ. మీ వ్యాసం ఈ నిర్వచనంతో మొదలైతే చాలు, ఉపోద్ఘాతం అక్కర్లేదు.

ఆ తర్వాత రెండు సిద్ధాంతాలకూ ఒకే ఉదాహరణ తీసుకుని, ప్రతి వాక్యంలోనూ కర్త ఎవరో చూసుకోండి. ప్రకార్యవాది వాక్యానికి కర్త సమాజం. ప్రకార్యం అంటే ఊరికే పని కాదు, మొత్తం వ్యవస్థ నిలబడడానికి ఒక భాగం చేసే దోహదం. 1945లో కింగ్‌స్లీ డేవిస్, విల్బర్ట్ మూర్ చెప్పింది ఇది: కొన్ని స్థానాలు సమాజానికి ముఖ్యమైనవి, వాటికి తగిన శిక్షణ ఉన్నవారు అరుదు, కనుక సమాజం వాటికి ఎక్కువ ప్రతిఫలం కేటాయిస్తుంది. విద్యార్థులు తరచుగా ‘ముఖ్యమైన’ దగ్గరే ఆగిపోయి ‘అరుదు’ను వదిలేస్తారు. దాళ్వాలో వంతులవారీగా తూము తలుపెత్తే లస్కరు ఒక్కపూట రాకపోతే శివారు చేలు ఎండుతాయి, అంటే అతని పని ముఖ్యమైనదే. అయినా ఇంజనీరు జీతం ఎక్కువ, ఎందుకంటే ఆ చదువు చదివినవారు తక్కువ. ఈ కొరత ప్రకృతి సిద్ధమైనదా అని 1953లో మెల్విన్ ట్యూమిన్ నిలదీశాడు. లస్కరు కొడుక్కి ఆ చదువు అందకపోవడం స్తరీకరణ వల్లనే అయితే, కారణం అనుకున్నదే ఫలితం అయి కూర్చుంటుంది. నా మట్టుకు డేవిస్, మూర్‌ల వాదానికి తగిలిన గట్టి దెబ్బ ఇదే. మీరు ఎక్కువ వాక్యాలు ఖర్చు చేయవలసిందీ ఇక్కడే.

సంఘర్షణవాది వాక్యానికి కర్త మారిపోతుంది. అక్కడ సమాజం ఏదీ కేటాయించదు. ఒక వర్గం తీసుకుంటుంది, మరొక వర్గం ఇచ్చుకుంటుంది. హైదరాబాదులో ఉంటున్న ఆసామి పొలాన్ని ఒకరు మక్తాకు చేస్తున్నారనుకోండి. సార్వాలో ఎకరానికి 30 బస్తాలు పండి, మక్తా 16 బస్తాలైతే, మిగిలిన 14 బస్తాల్లోనే విత్తనం, దమ్ము, ఎరువు, కోత ఖర్చులన్నీ గడవాలి. తుఫానుకు చేను పడిపోయినా ఒప్పుకున్న మక్తా ఒప్పుకున్నట్టే ఉంటుంది. ఇక్కడ ఆసామికి అందే ప్రతిఫలం ఏ అరుదైన నైపుణ్యానికీ కాదు, యాజమాన్యానికి. పనేమీ చేయని కేవల చట్టబద్ధ యాజమాన్యం విమర్శకు గురికాగలదని డేవిస్, మూర్‌లే ఒప్పుకున్నారు. ఈ సంగతి రాసిన జవాబు పత్రం నాకు అరుదుగా కనబడింది.

అయితే ఇదే ఉదాహరణ మార్క్స్‌వాదినీ ఇరుకున పెడుతుంది. ఆసామికి మక్తా కొలిచే ఆ కౌలు రైతే ఊడ్పులకు కూలీలను పెట్టుకుంటాడు, కూలి దగ్గర బేరమాడతాడు. అతడు దోపిడీకి గురయ్యేవాడా, చేసేవాడా? పైగా ఆసామి, కౌలు రైతు ఒకే కులస్థులై, కూలీలు వేరే కులస్థులైతే, కౌలు రైతు ఊరి తగవులో ఆసామి పక్కన నిలబడవచ్చు. ఈ చిక్కును విప్పడానికే వర్గాన్నీ అంతస్తునూ విడదీసిన మాక్స్ వెబర్‌ను ఇక్కడ తీసుకురావాలి: మక్తా, కూలి లెక్కలు తేల్చేది వర్గం, ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో తేల్చేది అంతస్తు. పత్రికలు ‘సామాజికవర్గం’ అంటున్నది ఈ రెండో దానికి దగ్గర. మీ వాక్యాన్ని ‘ఉత్పత్తి సాధనాలున్న వర్గానికీ లేని వర్గానికీ మధ్య సంఘర్షణ నుంచి స్తరీకరణ పుడుతుందని మార్క్స్‌వాదుల వాదన’ అని దిద్దుకోండి.